పాకాల వరండా నుంచి లెస్టర్ పెరట్లోకి: ఒక ఫోటో పని డైరీ

సోమవారం

ఇంగ్లండు నుంచి దర్శనానికి వచ్చిన ఒక కుటుంబం, కొండ దిగాక షాపు వెతుక్కుంటూ వచ్చి ఒక కవరు ఇచ్చిపోయారు. లోపల ఒక పెన్‌డ్రైవ్, చేత్తో రాసిన ఉత్తరం. మా స్టూడియోకి ఆర్డర్లన్నీ ఫోన్లోనే వస్తాయి కాబట్టి ఉత్తరమంటే కొంచెం ఆశ్చర్యంగానే అనిపించింది. ముఖ్యమైన భాగం ఇక్కడ రాసుకుంటున్నా, ఎందుకంటే పనంతా దీన్ని బట్టే నడవాలి.

"అక్కా, మా పెళ్ళి ఆల్బం మీ దగ్గరే చేయించాం, మీకు గుర్తుండకపోవచ్చు. ఇప్పుడు లెస్టర్‌లో ఉంటున్నాం. ఇంటి వెనక చిన్న తోట వేసుకున్నా. గులాబీలు, లావెండర్, ఒక ఆపిల్ చెట్టు ఉన్నాయి. అమ్మానాయన్ని రమ్మని ఎప్పటినుంచో పోరుతున్నా. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, అంతసేపు విమానంలో కూర్చోలేదు. అమ్మ లేకుండా నాయన కదలడు. అందుకే వాళ్ళిద్దరూ మా తోటలో నిలబడినట్టు ఒక ఫోటో చేసివ్వండి, హాల్లో పెట్టుకుంటా. వాళ్ళ ఫోటో మా చిన్నాయన కొడుకు పంపిస్తాడు. తోట ఫోటోలు పెన్‌డ్రైవ్‌లో పెట్టాను, మీకు ఏది కుదిరితే అది వాడుకోండి. నాయన చొక్కా జేబులో పెన్ను ఉంటుంది, దాన్ని తీసెయ్యొద్దు. సైజు 20 ఇంటూ 30 అయితే బాగుంటుంది."

సాయంత్రానికల్లా వాళ్ళ తమ్ముడు వాట్సాప్‌లో ఫోటో పంపాడు. పాకాల పక్క పల్లెలో వాళ్ళ ఇంటి వరండా. వెనక లేత పసుపు సున్నం గోడ, కింద కడప బండలు. నాయన తెల్లచొక్కా, తెల్లపంచె, కళ్ళద్దాలు. అమ్మ ముదురు ఎరుపు పట్టుచీర, తలలో మల్లెలూ కనకాంబరాలూ కలిపి కట్టిన దండ. ఇద్దరూ కాళ్ళకు చెప్పుల్లేకుండా నిటారుగా నిలబడ్డారు. ఫోటో బాగుంది. ఫైలు మాత్రం 1200 × 1600 పిక్సెళ్ళే. వాట్సాప్‌లో మామూలుగా ఫోటోగా పంపితే ఇంతకు కుదించేస్తుంది. ముఖాలు అలికినట్టు అయిపోతాయి, ఏ ఫోన్‌తో ఎప్పుడు తీశారన్న వివరాలూ పోతాయి.

"తమ్ముడూ, దీన్నే డాక్యుమెంటుగా పంపు" అన్నాను.

"అదెట్లక్కా?"

పేపర్‌క్లిప్ గుర్తు నొక్కి డాక్యుమెంట్ అని ఎంచుకోమని చెప్పా. రాత్రికి అసలు ఫైలు వచ్చింది. 3000 × 4000 పిక్సెళ్ళు, తీసిన సమయం సాయంత్రం నాలుగున్నర దాటాక, లెన్సు మామూలు 1x, అంటే 35 ఎంఎం లెక్కలో 26 ఎంఎం. పోర్ట్రెయిట్ మోడ్ వాడలేదు, అదొక అదృష్టం. ఆ మోడ్‌లో ఫోనే వెనకభాగాన్ని మసకబరిచి, జుట్టు అంచులు తనకు తోచినట్టు కోసేస్తుంది. అలా కోసిన జుట్టును మనం మళ్ళీ మొలిపించలేం.

మంగళవారం

పెన్‌డ్రైవ్‌లో తోట ఫోటోలు చాలానే ఉన్నాయి. ఒకటి మేడ మీది కిటికీలోంచి తీసింది. కొన్ని గులాబీ పక్కన గొంతుక్కూర్చుని తీసినవి. మిగిలినవి మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి తీసినవి. చూడటానికి అన్నీ బాగున్నాయి కానీ మన పనికి ఒక్కటీ రాదు. ఎందుకు రాదో ఆ అమ్మాయికి అర్థమయ్యేలా చెప్పాలి కాబట్టి ముందు నాకే లెక్క తేలాలి.

బ్యాక్‌గ్రౌండ్ మార్చిన ఫోటోలు అతికించినట్టు కనిపించడానికి అంచులు సరిగ్గా కొయ్యకపోవడమే కారణమని అందరూ అనుకుంటారు. నా అనుభవంలో అది రెండో కారణం. మొదటిది కెమెరా ఎత్తు. కెమెరా నేల నుంచి ఎంత ఎత్తులో ఉంటే, ఫోటోలో ఆకాశమూ నేలా కలిసే గీత సరిగ్గా ఆ ఎత్తులో పడుతుంది. తోటలో ఆ గీత చెట్ల వెనక దాక్కుని ఉంటుంది, అయినా లెక్క మారదు. కెమెరా మూడున్నర అడుగుల ఎత్తులో ఉంటే ఆ గీత అదే నేల మీద నిలబడ్డ ప్రతి మనిషినీ మూడున్నర అడుగుల దగ్గరే కోస్తుంది. అతను దగ్గరగా ఉన్నా, దూరంగా ఉన్నా అంతే. మనుషుల ఫోటోలో ఈ గీత ఒక చోట, తోట ఫోటోలో మరో చోట ఉంటే చూసేవాళ్ళకు కారణం తెలియదు, కానీ ఏదో తేడాగా ఉందని మాత్రం పట్టేస్తారు.

వరండా ఫోటోలో ఆ గీత ఎక్కడుందో బండలే చెప్పాయి. కెమెరా వైపు నుంచి గోడ వైపుకు వెళ్ళే బండల సందులు నిజానికి సమాంతరంగా ఉంటాయి, ఫోటోలో మాత్రం ఒకదానికొకటి దగ్గరవుతూ పోతాయి. ఫోటోషాప్‌లో ఫోటో మీద గాజు పొరలాంటి కొత్త లేయర్ వేసి, ఆ సందుల వెంట గీతలు గీసి పైకి పొడిగించాను. అన్నీ నాయన బొడ్డుకు కాస్త పైన కలిశాయి. ఆయన ఎత్తు ఎంతని తమ్ముణ్ణి అడిగితే అయిదడుగుల ఆరంగుళాలు అన్నాడు, అంటే 66 అంగుళాలు. ఫోటోలో పాదం నుంచి తల దాకా 2200 పిక్సెళ్ళు. అంగుళానికి 33 పైచిలుకు. గీతలు కలిసిన చోటు పాదాలకు 1400 పిక్సెళ్ళ పైన ఉంది.

```
కెమెరా ఎత్తు = 1400 × 66 / 2200 = 42 అంగుళాలు
దూరం = 66 × 3000 / 2200 = 90 అంగుళాలు
```

రెండో లెక్కలోని 3000, 26 ఎంఎం లెన్సును ఈ ఫైలు పిక్సెళ్ళలోకి మారిస్తే వచ్చేది. తమ్ముడు ఏడున్నర అడుగుల దూరం నుంచి, మూడున్నర అడుగుల ఎత్తులో ఫోన్ పట్టుకుని తీశాడన్నమాట. అంత కిందనుంచి ఎందుకు తీశాడని మొదట అనుకున్నా, తర్వాత తట్టింది. వాడు వాకిట్లో నిలబడ్డాడు, వరండా అడుగున్నర ఎత్తులో ఉంది.

ఇప్పుడు ఆ అమ్మాయి నిలబడి తీసిన తోట ఫోటో తీసుకుందాం. ఫోన్ కంటి ముందు పట్టుకుంటే సుమారు అయిదడుగులు, 60 అంగుళాలు. రెండు ఫోటోల్లోని గీతలూ కలిసేలా తోటను జరిపి అమ్మానాయన్ని పెడితే, వాళ్ళ పాదాలు ఆ తోటలో 128న్నర అంగుళాల దూరంలోని నేల మీద పడతాయి. అంత దూరంలో అయిదున్నర అడుగుల మనిషి 1540 పిక్సెళ్ళే ఉండాలి. మన నాయన 2200 ఉన్నాడు. అంటే ఆ తోటలో ఆయన దాదాపు ఎనిమిది అడుగుల మనిషి! ఆయన్ని చిన్నది చేస్తే గీత తప్పుతుంది. గీతను పట్టుకుంటే ఆయన పెరిగిపోతాడు. ఎడమకు జరిపినా, కుడికి జరిపినా దీనికి మందు లేదు.

మా మామగారి కాలంలో బట్ట మీద గీసిన తోట పరదాలు ఉండేవి. ఒకటి ఇప్పటికీ పైగదిలో చుట్టి ఉంది. ఇవాళ దించి చూశాను. మెట్లు, పూలకుండీలు, దూరంగా చెట్లు. అదంతా బొమ్మేనని అందరికీ తెలుసు, అయినా ఆ పాత ఫోటోల్లో మనుషులు అందులో కుదురుగానే ఉంటారు. గీసినాయన దూరపు చెట్లను మసగ్గా, నలుపు తెలుపుల తేడా తక్కువగా ఉంచాడు. స్టాండు మీది కెమెరా ఎంత ఎత్తులో ఉంటుందో తెలిసి, మెట్ల వాలు అంతకే గీశాడు. పరదా స్టూడియోకి తగ్గట్టు తయారయ్యేది. మనమూ అదే చెయ్యాలి. ఫోటోకి తగ్గట్టు తోటను తీయించాలి, ఉన్న తోటలోకి మనుషుల్ని ఇరికించకూడదు.

మంగళవారం రాత్రి

ఆ అమ్మాయికి జవాబు రాశాను. ఉత్తరానికి ఉత్తరమే మర్యాద గానీ ఇది వాట్సాప్‌లోనే పోయింది.

"అమ్మా, తోట ఫోటోలు చూశాను, చక్కగా ఉన్నాయి. కానీ అమ్మానాయన ఫోటో నీడలో, కిందనుంచి తీసింది. తోట కూడా అలాగే కావాలి. మబ్బు పట్టిన రోజు తియ్యి, లేదా ఎండ మీ ఇంటి వెనక్కి పోయి తోటంతా నీడ పడ్డాక తియ్యి. ఏ వస్తువుకూ నల్లటి నీడ ఉండకూడదు. ఇంటి గోడకు వీపు పెట్టి నిలబడు. ఫోన్ నేల నుంచి సరిగ్గా 42 అంగుళాల ఎత్తులో, నిలువుగా, ముందుకూ వెనక్కూ వంగకుండా ఉండాలి. స్టూలు మీద పుస్తకాలు పేర్చి టేపుతో కొలుచుకో. 1x లోనే ఉంచు, పోర్ట్రెయిట్ మోడ్ వద్దు. ఫోన్ నుంచి ఏడున్నర అడుగుల దూరంలో రాళ్ళ మీద చాక్‌పీసుతో గీత గియ్యి. మొదట మీ ఆయన్ని ఆ గీత మీద చెప్పుల్లేకుండా, చేతిలో తెల్లకాగితం పట్టుకుని నిలబడమను. ఒకటి తియ్యి. తర్వాత ఫోన్ కదపకుండా, ఆయన్ని పక్కకు పొమ్మని ఇంకొకటి తియ్యి. రెండూ డాక్యుమెంటుగా పంపు. ఆయన ఎత్తు కూడా చెప్పు."

ఆమె ఇంటి వెనక గడ్డికి ముందు బూడిదరంగు రాతిపలకలు పరిచిన జాగా ఉంది, పాత ఫోటోల్లో కనబడుతోంది. నాకు అది బంగారం దొరికినట్టే. ఉత్తకాళ్ళను గడ్డిలో నిలబెట్టాలంటే గడ్డిపరకలు వేళ్ళ మీదకు రావాలి, వేళ్ళ మధ్యన కూడా రావాలి. అది గంటల పని, అయినా నమ్మేలా రాదు. బండల మీద తీసిన పాదాలకు బండలే సుఖం.

గురువారం

తోట ఇంకా రాలేదు. ఈలోగా కోత మొదలుపెట్టాను.

తెల్లజుట్టు, మల్లెలు, తెల్లచొక్కా, వెనక లేత పసుపు గోడ. ఎంచుకునే సాధనాలను నేరుగా వాడితే జుట్టూ గోడా కలిసిపోయాయి, మల్లెల దండ సగం మాయమైంది. ఇలాంటప్పుడు రంగుల ఛానళ్ళు విడివిడిగా తెరిచి చూడాలి. పసుపు అంటే ఎరుపూ ఆకుపచ్చా ఎక్కువ, నీలం తక్కువ. కాబట్టి నీలం ఛానల్‌లో పసుపుగోడ ముదురు బూడిదరంగులోకి దిగిపోతుంది. తెల్లనివి మూడింట్లోనూ సమానం కాబట్టి తెల్లగానే నిలుస్తాయి. నీలం ఛానల్ తెరవగానే నాయన తలమీది పలుచని వెంట్రుకలు ఒక్కొక్కటీ విడిగా కనబడ్డాయి.

ఆ ఛానల్‌కి ఒక నకలు తీసి, నలుపు తెలుపుల హద్దులు జరిపే Levels లో గోడ పూర్తిగా నలుపయ్యేదాకా, వెంట్రుకలు తెలుపయ్యేదాకా లాగాను. మరీ ఎక్కువ లాగితే సన్నని వెంట్రుకలు తీగల్లా గట్టిపడతాయి, అంచు దగ్గర కొంత బూడిదరంగు మిగలాలి. శరీరం లోపలి భాగమంతా తెల్ల బ్రష్‌తో నింపేశాను. ఈ ఛానల్ జుట్టుకు, మల్లెలకు, చొక్కాకు మాత్రమే. చీరకూ, చేతులకూ, పాదాలకూ పెన్ టూల్‌తో చేత్తో గీసిన దారే నయం.

కనకాంబరాలు మాత్రం ఎదురు తిరిగాయి. నారింజరంగులో నీలం దాదాపు ఉండదు, అందుకని నీలం ఛానల్‌లో అవి గోడకంటే నల్లగా పోయి, దండ మధ్యలో చిల్లులు పడ్డాయి. వాటిని ఆకుపచ్చ ఛానల్‌లో చూస్తే గోడ తెల్లగా, పూలు ముదురుగా విడిపోయాయి. ఆ ముక్క వరకు ఆకుపచ్చ నుంచి తీసుకుని, తిరగేసి కలిపాను. అమ్మ నల్లజుట్టు కూడా ఆకుపచ్చలోనే బాగా వచ్చింది.

గోడ కనిపించే కంతలు మరిచిపోకూడదు. నాయన మోచేయికీ నడుముకూ మధ్య సందు. అమ్మ గాజులకీ మణికట్టుకీ మధ్య సన్నని చీలిక. చెవి దుద్దు వెనక ఒక చుక్క. అన్నిటికంటే మోసం చేసేది కళ్ళద్దాలు. నాయన తల కాస్త పక్కకు తిప్పి ఉన్నాడు, కుడి అద్దం చివర చెంప దాటి బయటికి ఉంది, దాంట్లోంచి పసుపుగోడ కనబడుతోంది. అక్కడ తోట కనబడాలి, అదీ అద్దంలోంచి చూసినట్టు కాస్త జరిగి, కాస్త మందంగా. అద్దాల మీద వాకిటి ఆకాశం మెరుపు ఉంది, దాన్ని అలాగే ఉంచాను. తోటలో అయినా ఎదురుగా ఆకాశమే కదా.

శనివారం

తోట వచ్చింది. లెస్టర్‌లో మబ్బు కోసం ఎక్కువ ఎదురుచూడాల్సిన పని లేదట. "మా ఆయన కాగితం పట్టుకుని జైలు ఫోటోలో మాదిరి నిలబడినాడక్కా" అని రాసింది. నిజంగా అలాగే ఉన్నాడు పాపం.

ఆయన ఎత్తు అయిదడుగుల తొమ్మిదంగుళాలు. మన లెక్క ప్రకారం ఫోటోలో 2300 పిక్సెళ్ళు ఉండాలి, 2250 ఉన్నాడు. ఏడున్నర అడుగుల గీత రెండంగుళాలు అవతల పడి ఉంటుంది. తోటను రెండు శాతం పెంచితే సరిపోయింది. రాతిపలకల సందులు పొడిగిస్తే ఆయనకు కూడా 42 అంగుళాల దగ్గరే కలిశాయి. ఇక అమ్మానాయన్ని తెచ్చి చాక్‌పీసు గీత మీద పెట్టాను. రంగులు ఇంకా కలపలేదు, నీడలు లేవు, అంచుల్లో పసుపు ఉంది. అయినా వాళ్ళు అక్కడ నిలబడ్డారు. మా ఆయన ఎవరిదో పెళ్ళి షూటింగ్ నుంచి వచ్చి వెనకనుంచి చూసి, "ఏమే, అల్లుడు కూడా ఉన్నాడా ఇందులో?" అన్నాడు. పాత లేయర్ ఆపలేదు, అల్లుడి మోచెయ్యి అమ్మ భుజం వెనకనుంచి కనబడుతోంది.

ఆ లేయర్‌ను చెరపకుండా అలాగే దాచాను. నీడల పనికి ఆయనే నా గురువు.

ఆదివారం

మొదట వెలుతురు. వరండాలో పైన కప్పు ఉంది, వెలుగంతా వాకిటి వైపు నుంచి, అంటే ఎదురుగా వచ్చింది. అందుకే ఇద్దరి కళ్ళూ తేటగా ఉన్నాయి. మబ్బు రోజు తోటలో వెలుగు నెత్తి మీదనుంచి దిగుతుంది. అల్లుడి ఫోటోలో చూస్తే నెత్తి, భుజాలు, ముక్కు పైభాగం కాస్త తెలుపెక్కి ఉన్నాయి, గడ్డం కింద, చేతుల కింద కాస్త చీకటి ఉంది. దాన్నే చూస్తూ అమ్మానాయనలకు రెండు Curves లేయర్లు వేశాను. ఒకటి వెలుగు పెంచేది, అది ఎక్కడ పనిచెయ్యాలో చెప్పే మాస్కులో తలపైనా భుజాలపైనా మాత్రం మెత్తని బ్రష్‌తో తెరిచాను. రెండోది చీకటి పెంచేది, గడ్డం కింద, పైటకొంగు మడతల కింద, పంచె కుచ్చెళ్ళ లోపల. కళ్ళగుంతల జోలికి మాత్రం పోలేదు. నిజంగా ఆ తోటలో నిలబడి ఉంటే కళ్ళ కింద చీకటి పడేదే, కానీ కూతురు హాల్లో పెట్టుకునే ఫోటోలో అమ్మ కళ్ళు గుంతలు పడినట్టు కనబడాల్సిన అవసరం లేదు. ఇక్కడ నిజం కంటే మర్యాదే ముఖ్యం అనుకున్నా.

తర్వాత రంగు. అల్లుడి చేతిలోని తెల్లకాగితం కొంచెం నీలంగా వచ్చింది, మబ్బు వెలుగు అంతే. నాయన చొక్కా కొంచెం పసుపుగా ఉంది, గోడ మీద పడి తిరిగొచ్చిన వెలుగు అది. రెండు తెలుపులూ మధ్యలో కలవాలి. చొక్కా అంచుల్లోని పసుపును Hue/Saturation లో పసుపు ఒక్కటే ఎంచి తగ్గించాను. పూర్తిగా తోట నీలానికి దించితే ఒళ్ళు రంగు జబ్బుపడినట్టు పాలిపోయింది, అందుకని తోటనే ఒక మెట్టు వెచ్చగా చేశాను. లావెండర్ కాస్త ఎర్రబారింది, కానీ దాని అసలు రంగు ఎవరికి గుర్తుంటుంది? నాయన చామనఛాయ మాత్రం కూతురికి బాగా గుర్తుంటుంది.

అంచులు. వెంట్రుకల చివర్లలో ఇంకా గోడ పసుపు మిగిలింది, ఆకుపచ్చ తోట ముందు అది దీపం వెలిగించినట్టు కనబడుతుంది. Select and Mask లో రంగు తుడిచే సౌకర్యం ఉంది గానీ, అది నాయన తెల్లజుట్టులోకి చర్మం రంగు లాగేసింది. దాన్ని వదిలేసి, లోపలి వెంట్రుకల రంగే బ్రష్‌తో తీసుకుని అంచుల మీద పూశాను. అమ్మ నల్లజుట్టుకు బ్రష్ మోడ్ Darken, అప్పుడు పసుపు అంచులే ముదురవుతాయి, లోపలిది కదలదు. నాయన జుట్టుకు Color, తెలుపు చెడకుండా పసుపు పోతుంది. రెండు మూడు చోట్ల వెంట్రుకలు మొండిగా తెగాయి, అక్కడ రెండు పిక్సెళ్ళ బ్రష్‌తో కొత్తవి గీశాను.

సోమవారం

నీడలు. మబ్బు రోజు నీడ ఉండదని చాలామంది ఏమీ పెట్టకుండా వదిలేస్తారు, మనుషులు గాల్లో తేలుతారు. అల్లుడి పాదాల దగ్గర 200 శాతానికి పెంచి చూశాను. పాదం రాతిని తాకే చోట సన్నని గీతలా గట్టి నలుపు ఉంది, మడమ కింద ఇంకొంచెం లోతుగా. దాని చుట్టూ సుమారు జానెడు దూరం దాకా పలచగా వ్యాపించిన మసక ఇంకొకటి. ఈ రెండూ రెండు లేయర్లు. మొదటిది కింది రంగును ముదురు చేసే Multiply లో చిన్న బ్రష్‌తో పాదం అంచు వెంటే. రెండోది పెద్ద మెత్తని బ్రష్‌తో, అల్లుడి నీడ ఎంత పలచగా ఉందో అంతకే. నలుపు అచ్చంగా వాడకుండా రాతిపలక రంగునే తీసుకుని ముదురు చేసి వాడాను. అమ్మ చీర అంచు నేలకు అంగుళం ఎత్తులో ఉంది, ఆమె పాదాలు సగమే కనబడతాయి, కాబట్టి ఆమె నీడ వెడల్పుగా, చీర కింద మొత్తం చీకటిగా ఉండాలి.

చివరగా మసక, రేణువులు. ఫోన్ కెమెరాలో సెన్సార్ చిన్నది, ఏడడుగుల దగ్గర మనిషి మీద ఫోకస్ పెట్టినా ఇరవై అడుగుల దగ్గరి గులాబీ దాదాపు స్పష్టంగానే వస్తుంది. పెద్ద కెమెరాతో తీసినట్టు తోటనంతా కరిగించేస్తే ఈ ఫోటోకి అబద్ధం అతుకుతుంది. పైగా ఆమె పెంచుకున్న గులాబీలు ఆమెకు కనబడాలి. వెనక కంచె, ఆపిల్ చెట్టు దగ్గర మూడు పిక్సెళ్ళ మసక, గులాబీల దగ్గర ఒకటిన్నర, పలకల దగ్గర ఏమీ లేదు. పరదా గీసినాయన పద్ధతిలో దూరపు ఆకుల్లో నలుపును కొద్దిగా పైకి లేపాను. ఇక వరండా ఫోటో తక్కువ వెలుతుర్లో తీసింది కాబట్టి దాంట్లో ఇసుక చల్లినట్టు కనిపించే రేణువులు ఎక్కువ, తోట నున్నగా ఉంది. 100 శాతం దగ్గర పెట్టి, చొక్కా మీదా గడ్డి మీదా ఒకేలా కనిపించేదాకా తోటకు నాయిస్ కలిపాను. ఇది ప్రింటులో విడిగా ఎవరికీ కనబడదు, కానీ ఇది లేకపోతే మనుషులు కత్తిరించి అంటించినట్టు ఉంటారు.

బుధవారం

చిన్న సైజులో ఒకటి తమ్ముడికి పంపాను, అమ్మానాయనకు చూపించమని. కూతురికంటే ముందు వాళ్ళు చూడాలనిపించింది, బొమ్మ వాళ్ళది కదా. కాసేపటికి అమ్మే ఫోన్ చేసింది.

"ఏమ్మా, బాగుండాది. కానీ అక్కడ చలంట కదా, ఉత్తకాళ్ళతో నిలబెట్టినావే?"

వెనకనుంచి నాయన గొంతు: "ఫోటోలో చలేందే!"

"చెప్పులు పెట్టమంటారా అమ్మా?" అన్నాను.

"వద్దులే. ఇంట్లోకి పొయ్యే ముందర ఇడిసినాం అనుకుంటారు. అది సరే, మేం పొయ్యినామని మా వదిన నమ్ముతాదా?"

నమ్ముతుందని నేను చెప్పలేదు, నమ్మించమని ఎవరూ అడగలేదు కూడా. ఆ ఒక్క విషయం కూతురితో తర్వాత మాట్లాడాను. ఫోటో వెనక వైపు "పాకాలలో తీసిన ఫోటో, లెస్టర్ తోట, స్టూడియోలో కలిపింది" అని చిన్న అక్షరాల్లో వేస్తాం, మేం చేసే ఇలాంటి వాటికన్నిటికీ వేస్తాం. యాభై ఏళ్ళ తర్వాత మనవళ్ళు తిప్పి చూస్తే తెలియాలి. ఆమె సరేనంది.

సైజు గురించి మాత్రం ఆమెతో కాస్త వాదన జరిగింది. 20 ఇంటూ 30 వేస్తే 4000 పిక్సెళ్ళు 30 అంగుళాలకు సాగాలి, అంటే అంగుళానికి 133. దూరం నుంచి చూస్తే పరవాలేదు, కానీ ఫోన్ తక్కువ వెలుతుర్లో రేణువులు తుడిచేటప్పుడు చర్మం మీద నీళ్ళరంగు అలికినట్టు చేస్తుంది, ఆ సైజులో అది బయటపడుతుంది. 12 ఇంటూ 16 అయితే అంగుళానికి సరిగ్గా 250, ఫోటో కొలతకు కూడా అదే నప్పుతుంది, ఏ వైపూ కొయ్యక్కర్లేదు. ముఖం అంగుళం పైనే వస్తుంది. పిక్సెళ్ళు పెంచే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కదా అని ఆమె అడిగింది. ఉన్నాయి, కానీ అవి లేని వెంట్రుకలనూ లేని ముడతలనూ ఊహించి గీస్తాయి, నాయన ముఖం నాయన పోలికల్లో ఇంకెవరిదో అయిపోవచ్చు. చివరికి 12 ఇంటూ 16కే ఒప్పుకుంది, చుట్టూ వెడల్పాటి తెల్ల మౌంటు వేసి పెద్ద ఫ్రేములో పెట్టిస్తానంది. ఆలోచన బాగుంది.

శుక్రవారం

ల్యాబులో 12 ఇంటూ 18 కాగితం మీద వేయించి అంచులు కోయించాను. అంతకుముందు ముఖాలూ లావెండరూ వచ్చేలా ఒక పట్టీని 4 ఇంటూ 6లో వేయించి చూశా. తెరమీద మెరిసిన ఊదారంగు కాగితం మీద నీలంలోకి జారింది. అది తెలిసిందే, కాగితానికి ఆ రంగు అందదు. కొంచెం ఎరుపు కలిపి వదిలేశాను. చీర ఎరుపు మాత్రం సరిగ్గా వచ్చింది, అంచు జరీ కూడా. జేబులో పెన్ను ఉంది, క్యాప్ నీలం. మ్యాట్ కాగితమే తీసుకున్నా, గాజు వెనక మెరుపు కాగితం పెడితే రెండు మెరుపులవుతాయి.

కూతురి ప్రతిని గొట్టంలో చుట్టి, వచ్చే వారం తిరిగిపోతున్న ఆ దర్శనం కుటుంబం చేతికే ఇచ్చాం. లేయర్లున్న ఫైలు కూడా పెన్‌డ్రైవ్‌లో వేశాను, ఆమె అడగలేదు గానీ.

అమ్మానాయన ప్రతి తీసుకుపోవడానికి తమ్ముడు వచ్చాడు. డబ్బులిచ్చి, పోతూ పోతూ వెనక్కి తిరిగాడు.

"అక్కా, పెద్దమ్మ ఇంకోటి అడగమనింది. ఆ గోడ ఉండే ఫోటో కూడా ఒకటి కడిగించియ్యమని. ఉగాదికి సున్నం కొట్టించినారు, అది పడిందంట బాగా."

దాన్ని 6 ఇంటూ 8లో వేశాను. ఫోన్ వంగినందుకు అర డిగ్రీ తిప్పడం తప్ప ఇంకేమీ ముట్టుకోలేదు.